తప్పు రాతలో సరైన జవాబు: డిస్లెక్సియా ఉన్న ఐదో తరగతి పిల్లాడితో ఒక విద్యాసంవత్సరం

జూలై రెండో వారంలో ఆ స్లిప్ టెస్ట్ కాగితం నా చేతికొచ్చింది. పరిసరాల విజ్ఞానంలో ఐదు మార్కుల ప్రశ్న: మొక్కలు ఆహారాన్ని ఎలా తయారు చేసుకుంటాయి? పిల్లాడు రాసిన జవాబు ఉన్నదున్నట్టు ఇది:

"మొకలు ఆకులో అహరం తయరు చెసుకుటాయి. దనికి ఎడ నిరు గలి కవలి."

ఉన్నవి పది మాటలు. తొమ్మిదింటి కింద ఎర్ర సిరా గీతలున్నాయి. పక్కన ఐదుకి ఒక మార్కు, కింద "శ్రద్ధ లేదు" అని రాసి ఉంది.

నేను మండలంలో ఐఈఆర్పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం బడులకు తిరిగే రిసోర్స్ టీచర్ని. కొన్ని రోజులు ఆ పిల్లల కోసమే నడిచే భవిత కేంద్రంలో ఉంటాను, మిగతా రోజులు ఊళ్లు తిరుగుతాను. ఈ బడి పల్నాడులో మిరప పండించే ఒక ఊళ్లో ఉంది. పిల్లాడి అసలు పేరు రాయను. ఇంట్లో నాయనమ్మ పిలిచినట్టు చిన్నోడు అంటాను. అప్పటికి వాడికి పదేళ్లు నిండాయి.

క్లాసు టీచరు చెడ్డ మనిషి కాదు. ముప్పై మందిని ఒక్కడే చూసుకుంటాడు, కాగితాలు రాత్రి పదింటికి దిద్దుతాడు. "మేడం, నోటితో అడిగితే టకటకా చెప్తాడు. పెన్ను పట్టుకుంటే ఇదీ వరస. బద్ధకమే అనుకుంటున్నా" అన్నాడు. ఆ రోజు నేనేమీ వాదించలేదు. జవాబును ఆయన పక్కనే కూర్చుని ఇంకోసారి దిద్దాను, ఈసారి తప్పుల్ని రకాలవారీగా లెక్కపెడుతూ.

దీర్ఘం పోయినవి తొమ్మిది: ఆహారంలో రెండు, తయారులో ఒకటి, చేసుకుంటాయిలో ఒకటి, దానికి, నీరు, గాలి, కావాలిలో రెండు. సున్న పోయినవి రెండు, వత్తు పోయింది ఒకటి. మొత్తం పన్నెండు. సున్ననూ వత్తునూ పక్కన పెడితే, రాయాల్సిన చోట రాయాల్సిన హల్లు రాయని మాట ఒక్కటీ లేదు. శ్రద్ధ లేని పిల్లాడి తప్పులు ఇలా ఒక పద్ధతిలో ఉండవు. వీడికి పలుకులోని ఎముక, అంటే హల్లు, వినిపిస్తోంది. దాన్ని సాగదీశామా, ఒత్తి పలికామా అన్నది మాత్రం రాతలోకి దిగట్లేదు.

ఇక విషయం సంగతి. ఆకు, ఎండ, నీరు, గాలి అని నాలుగూ రాశాడు. పత్రహరితం ఒక్కటే రాయలేదు. విషయానికే మార్కులు వేస్తే ఐదుకి నాలుగు రావాలి. టీచరు చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. ఆ ఏడాది మేం చేసిన పనంతా ఆ ఒకటికీ నాలుగుకీ మధ్య ఉన్న తేడాలోంచి పుట్టింది.

మొదట చూసినవి

కళ్లు, చెవులు ముందు చూపించాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు బడికొచ్చినప్పుడు రెండూ బాగానే ఉన్నాయని రాశారు. బడికి తప్పకుండా వస్తున్నాడు, రెండో తరగతి నుంచీ ఇదే బడి. అంటే బడి మానడం వల్లో, ఊళ్లు మారడం వల్లో వెనకపడ్డాడనడానికి లేదు.

తర్వాత ఎవరైనా అరగంటలో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి పెట్టాను. ఒకే స్థాయిలో ఉన్న రెండు చిన్న పాఠ్యభాగాలు తీసుకున్నాను, ఒక్కోదానికి ఎనిమిది ప్రశ్నలు. మొదటిదాన్ని వాడే చదివి జవాబులు చెప్పాలి, రెండోదాన్ని నేను చదివితే విని చెప్పాలి. తను చదివినదానికి రెండు సరిగ్గా చెప్పాడు, విన్నదానికి ఏడు. తెలివితేటలకో మాట అర్థం కావడానికో సంబంధించిన ఇబ్బందైతే రెండుచోట్లా తక్కువే రావాలి. వింటే ఏడు, చదివితే రెండు అంటే అడ్డం అక్షరం దగ్గరే ఉంది. టీచర్లకు నేను ముందుగా నేర్పేది ఈ పరీక్షే. ఇది నిర్ధారణ కాదు, ఎటు చూడాలో చెబుతుంది.

ఇక వాడి చదువు. రెండో తరగతి పాఠం ఇచ్చి ఒక్క నిమిషం చదవమంటే సరిగ్గా చదివినవి 17 మాటలు. అందులో ఒక తప్పు దగ్గర ఆగాలి, ఎందుకంటే అది మన లిపికే ప్రత్యేకం. "శక్తి" అన్న మాటను "శకిత" అని చదివాడు. "ఆస్తి"ని "ఆసిత" అన్నాడు. ఊహించి చదివాడనుకుంటాం గానీ, కాదు. కాగితం మీద ఉన్నదే చదివాడు. గుడి క మీద ఉంటుంది, త దాని కింద వత్తుగా ఉంటుంది. కళ్లకు కనిపించే వరస కి, త. పలికే వరస మాత్రం క్, తి. గుడి పైఅక్షరం మీద కూర్చున్నా కింది వత్తుకు చెందుతుందన్నది పిల్లలు ఎప్పుడో తెలియకుండానే పట్టేస్తారు. చిన్నోడు పట్టలేదు, వాడికి ఎవరూ విడమరిచి చెప్పనూ లేదు.

మన భాషలో పలికినట్టే రాస్తాం కాబట్టి డిస్లెక్సియా ఇంగ్లిష్ వాళ్ల సమస్య అనే మాట ఇప్పటికీ వింటుంటాను. మనకు పలుకుకూ రాతకూ పొత్తు ఎక్కువే, కాదనను. కానీ హల్లులు, గుణింతాలు, వత్తులు కలిస్తే పిల్లాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. పక్కనున్న కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు పిల్లలకు కూడా ఈ అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతులు చాలావరకు గడిచిపోతాయని తేలింది. అందుకే మన దగ్గర డిస్లెక్సియా ఉన్న పిల్లలు రెండో తరగతిలో పెద్దగా తేడాగా కనిపించరు. నాలుగు, ఐదుకొచ్చి మిగతావాళ్లు ముందుకెళ్లిపోయాకే బయటపడతారు.

జిల్లా కేంద్రంలో క్లినికల్ సైకాలజిస్టు, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారి పరీక్షలు పెట్టి, చదువు, రాతల్లో ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉందని తేల్చేసరికి అక్టోబరు వచ్చింది. తరగతిలో చేయాల్సినవి మేం జూలైలోనే మొదలుపెట్టాం. ఒక్కో వరసే చూపించే కిటికీ అట్టకో, నోటితో అడిగే ప్రశ్నకో ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

కిటికీ అట్ట, రేపటి పేరా, అక్క గొంతు

చదవడానికి మేం ఇచ్చిన ఆసరాలు మూడే. ఎక్కువ ఇస్తే టీచరు నెల తిరక్కుండా అన్నీ వదిలేస్తాడు. అలా జరగడం నేను చాలా బడుల్లో చూశాను.

మొదటిది కిటికీ అట్ట. పాత పెళ్లికార్డు అట్టను అడ్డంగా కోసి, మధ్యలో ఒక్క వరస మాత్రమే కనిపించేలా కిటికీ తెరుస్తాం. పిల్లాడు దాన్ని కిందికి జరుపుకుంటూ చదువుతాడు. వరస తప్పడం, చదివిన వరసే మళ్లీ చదవడం తగ్గుతాయి. నా మొదటి అట్ట పనికిరాలేదు. అక్షరం ఎత్తుకు సరిపోయేలా కోశాను, దాంతో వత్తులు కిటికీ కింద దాక్కున్నాయి. "అమ్మ" ఉన్నచోట "అమ" కనిపించింది. పిల్లాడు కనిపించినట్టే చదివాడు, నేను తప్పన్నాను. రెండు మూడు మాటల తర్వాత గానీ నాకు తట్టలేదు. మన లిపిలో అక్షరానికి పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఒక్కోసారి ఇంకో వత్తు ఉంటాయి. "స్త్రీ" అన్న మాట మొత్తం కనిపిస్తే ఆ కిటికీ సరిపోయినట్టు. ఇప్పుడు ప్రతి అట్టనూ ఆ మాట మీద పెట్టి చూశాకే ఇస్తాను.

వర్క్‌షీట్లకూ ఇదే సూత్రం. అక్షరం సైజు 18కి పెంచాం. అంతకంటే ముఖ్యంగా వరసకూ వరసకూ మధ్య రెట్టింపు చోటు వదిలాం, పై వరస వత్తులు కింది వరస గుళ్లకు తగలకుండా. కుడి అంచు సమంగా ఉండాలని మాటల మధ్య ఖాళీలు సాగదీయడం మానేశాం. ఎవరో చెప్పారని వాళ్ల నాన్న రంగు ప్లాస్టిక్ కాగితాలు కొనుక్కొచ్చాడు. వాటితో డిస్లెక్సియా పిల్లల చదువు మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అవి పక్కన పెట్టమని చెప్పాను. డబ్బులు పోయాయని ఆయన బాధపడ్డాడు గానీ, ఇది కంటిచూపుకు సంబంధించింది కాదనీ, పలుకునీ రాతనీ మెదడు జతచేసుకునే తీరుకు సంబంధించిందనీ అప్పుడే కాస్త అర్థం చేసుకున్నాడు.

రెండోది రేపటి పేరా. తరగతిలో ఒక్కొక్కరూ లేచి పాఠం చదివే అలవాటుంది. తన వంతు వస్తోందంటే చిన్నోడు నీళ్లకని బయటికి వెళ్లేవాడట. వాడి చేత చదివించడం మానేద్దామన్నాడు టీచరు. అలా మానేస్తే వీడు చదవలేడని తరగతి మొత్తానికీ చాటినట్టే. దానికి బదులు ముందు రోజు సాయంత్రమే నాలుగు వరసలు గీత గీసి ఇవ్వడం మొదలుపెట్టాం. మర్నాడు టీచరు అవే అడుగుతాడు, వేరేవి అడగడు. ఆగస్టు చివరికి నీళ్లకు వెళ్లడం ఆగిపోయింది.

మూడోది వినే పాఠం. వాళ్లక్క పదో తరగతి చదువుతోంది. పరిసరాల విజ్ఞానం పాఠాన్ని రెండేసి పేజీల చొప్పున నిదానంగా చదివి, అమ్మ ఫోన్లో రికార్డు చేసింది. ఫోన్లో తెలుగు చదివి వినిపించే సదుపాయం ఉంది, అది కూడా చూశాం. మాట స్పష్టంగానే ఉంటుంది కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. అక్క గొంతుకే వాడు బాగా అలవాటుపడ్డాడు.

ఇందులో ఒక లోపం నెల తర్వాత బయటపడింది. పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ వింటున్నాడు. పాఠం నోటికొచ్చింది, అక్షరం మాత్రం అక్కడే ఉంది. దాన్ని పట్టుకోవడం తేలికే: రికార్డింగు మధ్యలో ఆపి, "ఇప్పుడు ఎక్కడున్నాం, చూపించు" అనాలి. వేలు ఆ మాట మీదికి వెళ్లకపోతే కళ్లు పుస్తకంలో లేవన్నట్టే. ఆ తర్వాత పద్ధతి మార్చాం. మొదటిసారి ఊరికే వింటాడు, రెండోసారి వేలు పెట్టుకుంటూ వింటాడు, మూడోసారి శబ్దం ఆపేసి అదే పేరా తను చదువుతాడు. అక్క నాలుగుచోట్ల ఆపి అడుగుతుంది.

పుస్తకంలో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉండటం మాకు బాగా కలిసొచ్చింది. విషయమంతా తెలుగు పేజీలోనే అయ్యాక, ఇంగ్లిష్ పేజీలోంచి రోజుకు రెండు మూడు మాటలే తీసుకున్నాం. బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడం దాదాపు ఆపేశాం. వాడు ఒక్కో అక్షరానికి తలెత్తి చూసి రాసుకునేవాడు, మూడు వరసలయ్యేలోపు గంట కొట్టేవారు. టీచరు పాఠం సారాంశాన్ని అక్కడక్కడా ఖాళీలు వదిలి ఒక కాగితం మీద రాసిస్తాడు, పిల్లాడు వింటూ ఆ ఖాళీలు నింపుతాడు.

వర్ణక్రమానికి ఒక ఒప్పందం

అసలు చిక్కు దిద్దుబాటు దగ్గర వచ్చింది. "చూసీచూడనట్టు దిద్దండి" అంటే ఏ టీచరూ ఎక్కువకాలం దిద్దలేడు. అన్యాయం చేస్తున్నానేమో అనిపిస్తుంది, రోజుకో తీరుగా మార్కులు పడతాయి. అందుకని సడలింపు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది ముందే తేల్చుకుని, వాడి నోటుపుస్తకం అట్ట లోపలివైపు అంటించాం. రాసింది నాలుగు మాటలు: తెలుగు, ఇంగ్లిష్ కాని పాఠాల్లో వర్ణక్రమానికి మార్కు తీయం. మాట పోల్చుకోలేకపోతే పిల్లాడి చేతే చదివిస్తాం, చదివిందే జవాబు. ఈ వారం నేర్చుకున్న ఆరు మాటలకు మాత్రం సడలింపు లేదు. ఎర్ర సిరాతో విషయం దిద్దుతాం, పెన్సిలుతో రాత దిద్దుతాం.

రెండో మాట ఎలా పనిచేస్తుందో సెప్టెంబరు పరీక్షలో చూశాం. శరీర భాగాల బొమ్మ, పాదానికి బాణం గుర్తు. చిన్నోడు "పదం" అని రాశాడు. టీచరు దగ్గరికి పిలిచి చదవమన్నాడు. ఏమాత్రం తడుముకోకుండా "పాదం" అన్నాడు. మార్కు వేశారు. అదే కాగితంలో, మొక్కలు ఆహారం తయారీకి ఏ వాయువు తీసుకుంటాయన్న ప్రశ్నకు "అకిజన్" అని ఉంది. చదివిస్తే "ఆక్సిజన్" అన్నాడు. అది తప్పు జవాబు, కావాల్సింది కార్బన్ డయాక్సైడ్. సున్నా వేశారు. సడలింపు అంటే అన్నిటికీ మార్కులు ధారపోయడం అనుకునేవాళ్లకు నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. రాత దగ్గర తోడు నిలవాలి, విషయంలో మాత్రం అందరికీ పెట్టిన గీతే వాడికీ పెట్టాలి.

చదివించేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. ఆ మాట మీద వేలుపెట్టి "ఇదేంటి?" అనాలి, అంతే. "ఇది పాదమేనా?" అంటే ఎవరైనా అవుననే అంటారు.

ఆరు మాటల సంగతి కూడా చెప్పాలి. వారానికి ఆరే, ఆరూ ఒకే రకం. ఒక వారం మొత్తం మొదటి అక్షరానికి దీర్ఘం ఉన్నవి: గాలి, కాలు, దారి, పాలు, మామ, రాయి. పలికేటప్పుడు దీర్ఘం దగ్గర చేయి చాపుతాం, రాసేటప్పుడు ఆ దీర్ఘాన్ని రంగు పెన్సిలుతో పెడతాం. ఇంకో వారం అక్క, మొక్క, చుక్క లాంటివి. వత్తు దగ్గర చప్పట్లు. గుడీ వత్తూ కలిసినవాటికి మూడు వారాలు పట్టింది. ఆ మాటల్లో హల్లు, వత్తు, గుడి మూడూ విడివిడి చీటీల మీద రాసి, ముందు పలికే వరసలో పరిచి, ఆ తర్వాత కలిపి రాసేవాళ్లం. ఈ పనికి రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు నేను, రెండు రోజులు టీచరు.

ఇలా వారం వారం సడలింపు కాస్త కాస్త తగ్గుతూ వస్తుంది. నేర్చుకున్న మాటల జాబితా పెరిగేకొద్దీ వాడి బాధ్యత పెరుగుతుంది. సడలింపు ఒక్కటే ఇచ్చి నేర్పడం ఆపేసిన బడులు నాకు తెలుసు. అక్కడి పిల్లలు ఎనిమిదో తరగతికొచ్చినా "గలి" అనే రాస్తుంటారు. నేర్పుతూ సడలింపు ఇవ్వకపోతే పిల్లాడు తనకు వచ్చిన మాటలే రాస్తాడు. జూలైకి ముందు చిన్నోడి జవాబులన్నీ ఒకటిన్నర వరసే. ఎందుకు చిన్నగా రాస్తావని అడిగితే, "తక్కువ రాస్తే తక్కువ గీతలు పడతాయి టీచర్" అన్నాడు.

ఒప్పందానికి రెండుసార్లు గండి పడింది. నవంబరులో టీచరు శిక్షణకు వెళ్తే పక్క తరగతి నుంచి వచ్చినవాళ్లు కాగితాలు దిద్దారు. అట్ట లోపల అంటించింది వాళ్లు చూడలేదు, పాత ఎర్ర గీతలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. మర్నాడు వాడు నోటుబుక్కు తేలేదు. అప్పటినుంచి హాజరుపట్టీలో కూడా ఒక ప్రతి పెట్టాం. రెండోది పిల్లల నుంచి వచ్చింది. "వాడికి మాత్రం ఎందుకు సార్?" అని తరగతిలో ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. టీచరు ఆలోచించి, సైన్సులో వర్ణక్రమానికి మార్కు తీయడం తరగతి మొత్తానికీ ఆపేశాడు. తప్పులు పెన్సిలుతో దిద్దుతాడు, అంతే. ఇంకో ముగ్గురి జవాబులు కూడా అప్పటినుంచి పొడవయ్యాయని ఆయనే చెప్పాడు.

రాయకుండా చెప్పే దారులు

మన ఫార్మేటివ్ మదింపులో స్లిప్ టెస్ట్ ఒక్కటే లేదు. తరగతిలో భాగస్వామ్యం, ప్రాజెక్టు పని, రాతపనులు కూడా ఉన్నాయి. పిల్లాడు తన నేర్పును వేరే దారిలో చూపించడానికి కొత్త జీవో ఏదీ రానక్కర్లేదు. ఉన్నవాటినే వాడుకోవాలి. చాలాచోట్ల ప్రాజెక్టు అంటే పుస్తకంలోది చూసి చార్టు మీదికి ఎక్కించడం అయిపోయింది. అంటే అక్కడ కూడా మళ్లీ రాతే.

డిసెంబరులో పంటల పాఠం నడుస్తోంది. చిన్నోడి ప్రాజెక్టు కాగితం మీద వద్దు, తోటలోంచి తెచ్చి చూపించమన్నాం. వాళ్ల నాన్నకు రెండెకరాల మిరప ఉంది. మర్నాడు రెండు కొమ్మలు పట్టుకొచ్చాడు. మొదటిదాన్ని ఎత్తి, ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉన్నాయి చూడమన్నాడు. "ఇది పై ముడత. తామర పురుగు రసం పీల్చేస్తది." రెండోదాంట్లో ఆకులు కిందికి ముడుచుకుని, కాడలు సాగి ఉన్నాయి. "ఇది కింది ముడత. నల్లి. రెంటికీ ఒకే మందు కొడితే పైసలు దండగ అంటాడు మా నాన్న." తామర పురుగు ఎక్కడుంటుందో చూపిస్తానని ఆకును తెల్ల కాగితం మీద తట్టాడు. నలుసుల్లాంటివి నాలుగైదు రాలి కదిలాయి. తరగతి మొత్తం ఆ కాగితం చుట్టూ మూగింది.

అది ముచ్చటగా ఉందని మార్కులు వేయలేదు. మిగతా పిల్లల చార్టులకు ఏవేవి చూస్తామో వాడికీ అవే చూశాం: తెగులు పేరు, కారణం, గుర్తుపట్టే లక్షణం, రైతు తీసుకునే జాగ్రత్త. మొదటి మూడూ పూర్తిగా చెప్పాడు. జాగ్రత్తల్లో మందు ఒక్కటే చెప్పాడు, వేరే పద్ధతులేవీ చెప్పలేదు కాబట్టి అక్కడ సగమే వేశాం. బొమ్మ గీసి భాగాలు గుర్తించాల్సినప్పుడు పేర్లు రాసిన చీటీలు ఇచ్చేవాళ్లం, సరైనచోట అంటించాలి. కావాల్సినవాటికంటే రెండు చీటీలు ఎక్కువ పెట్టాలి, లేకపోతే చివరిది దానంతటదే కుదిరిపోతుంది.

నోటి పరీక్షకు మేం పెట్టుకున్న నియమం చిన్నది. ప్రశ్న అందరికీ ఇచ్చిందే ఉండాలి. టీచరు ప్రశ్న చదవొచ్చు, మళ్లీ చదవొచ్చు. ఆ తర్వాత అనగలిగినవి "ఇంకా?", "ఎందుకు?", "చూపించు" అనే మూడే. ఈ నియమం లేకపోతే మంచి టీచరే ఎక్కువ పొరపాటు చేస్తాడు. పిల్లాడి మీద ప్రేమకొద్దీ సగం జవాబు తనే అందిస్తాడు.

రాయడానికి తోడు ఇవ్వడం మాత్రం మొదట బెడిసికొట్టింది. సమ్మేటివ్ పరీక్షకు అదే తరగతిలో బాగా చదివే స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టాం. మార్కులు బాగా వచ్చాయి. కాగితం చదివితే నాకు అనుమానమేసింది. "కిరణజన్య సంయోగక్రియ ద్వారా" అని ఉంది. చిన్నోడు ఆ మాట ఎప్పుడూ వాడడు, "ఎండతో వండుకుంటాయి" అంటాడు. విడిగా అడిగితే స్నేహితుడు నిజమే చెప్పాడు: "వాడు చెప్పిందే టీచర్, నేను కొంచెం బాగా రాశాను." వాడి తప్పేం లేదు, మేం చెప్పలేదు. ఆ మార్కులు పక్కన పెట్టి మళ్లీ నోటితో అడిగాం. తర్వాతి పరీక్షకు నాలుగో తరగతి నుంచి చక్కగా రాసే అమ్మాయిని తీసుకున్నాం. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాశాక చదివి వినిపించాలి, చిన్నోడు "సరే" అంటేనే తర్వాతి ప్రశ్న. రెండు పూటలు ముందుగా సాధన చేయించాం, ఎందుకంటే చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మొదట్లో వాడు ఊపిరి తీసుకోకుండా చెప్పేసేవాడు, ఆ అమ్మాయి వెనకపడిపోయేది.

లెక్కల్లో పెద్దగా చేయాల్సిన అవసరం రాలేదు. మాటల లెక్కను టీచరు చదివి వినిపిస్తే చాలు, మిగతాది వాడే చేసుకునేవాడు.

మార్చి నాటికి

మళ్లీ రెండో తరగతి స్థాయి పాఠం, కొత్తది, ఒక్క నిమిషం: సరిగ్గా చదివినవి 34 మాటలు. రెట్టింపైంది. అయినా ఐదో తరగతి పిల్లాడికి అది చాలా తక్కువ. తన తరగతి పుస్తకం తనంతట తాను చదువుకుని పాఠం అర్థం చేసుకునే స్థితి ఇంకా రాలేదు, అది దాచకుండా వాళ్ల నాన్నకు చెప్పాను. తను చదివి చెప్పే ఎనిమిది ప్రశ్నల్లో ఇప్పుడు ఐదు సరిగ్గా చెబుతున్నాడు. నేర్చుకున్న మాటల్లో దీర్ఘాలు చాలావరకు నిలిచాయి, సున్న ఇంకా జారిపోతోంది. "శక్తి"ని శక్తి అనే చదువుతున్నాడు. కొత్త మాటలో గుడీ వత్తూ కలిసి వస్తే మాత్రం ఒక క్షణం ఆగి, వేలితో వత్తును మూసి, తెరిచి చూసుకుంటాడు. అది మేం నేర్పింది కాదు, వాడే కనిపెట్టుకున్నాడు.

మొదటి పరీక్షలో అడిగిన మొక్కల ప్రశ్నే వార్షిక పరీక్షకు ముందు ఇంకోసారి ఇచ్చాను, ఎవరి సాయం లేకుండా రాయమన్నాను. ఐదు వరసలు రాశాడు. పత్రహరితం "పత్రహరితం" అనే ఉంది. మొక్కలు, గాలి, నీరు సరిగ్గా ఉన్నాయి. "ఎడ" మాత్రం అలాగే ఉంది.

ఆరో తరగతికి రెండు కిలోమీటర్ల అవతలున్న హైస్కూలుకు వెళ్లాలి. అక్కడ ఒక్క టీచరు కాదు, సబ్జెక్టుకొకరు. మూడో లిపిగా హిందీ కూడా మొదలవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా వంటి ప్రత్యేక అభ్యసన వైకల్యాలను చేర్చారు. దాని 17వ సెక్షన్‌లో పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటివి ఉన్నాయి. హిందీ మానిపించాలా అని వాళ్ల నాన్న అడిగాడు. ఇప్పుడే వద్దన్నాను. మొదటి ఏడాది హిందీ నోటితో, పాటలతో, మాటలతో నడవనివ్వండి, రాత మీద మార్కుల బరువు పడే నాటికి చూద్దాం అన్నాను. సర్టిఫికెట్టు జాగ్రత్తగా ఉంచమని, పద్నాలుగేళ్లకు ఒకసారి, పద్దెనిమిదికి ఒకసారి మళ్లీ పరీక్ష చేయించాల్సి ఉంటుందని చెప్పాను. మొదటిది పదో తరగతి రాకముందే వస్తుంది కాబట్టి ఆ తేదీని రేషన్ కార్డు కవరు మీద రాసుకున్నాడు.

హైస్కూలుకు పంపే కాగితం ఒక్క పేజీ. ఒప్పందంలోని నాలుగు మాటలు, కిటికీ అట్ట, రేపటి పేరా, నోటి పరీక్షలో అనగలిగే మూడు మాటలు. కింద రెండు జవాబులు పక్కపక్కన అంటించాం: జూలైది, మార్చిది. ఆ పేజీలో ఇంకేమైనా రాయాలా అని చిన్నోణ్ని అడిగితే కాసేపు ఆలోచించి, "నన్ను లేపేముందు ఒకరోజు ముందు చెప్పమను టీచర్" అన్నాడు. ఆ మాట వాడి చేతే రాయించాం. "ముదు" అని రాశాడు. పెన్సిలుతో సున్న పెట్టి, అలాగే పంపాం.